టి-టెస్ట్ పాసయిందని సంతకం పెట్టేయకండి

సంక్రాంతి అమ్మకాల లెక్కలు తేలగానే, పది ఇరవై బ్రాంచీలున్న వ్యాపారాల్లో ఒక తరహా రిపోర్టు యజమాని బల్ల మీదికి వస్తుంది. కొత్త పద్ధతి పెట్టాం, అమ్మకాలు పెరిగాయి, టి-టెస్ట్ చేశాం, పి-విలువ 0.05 కంటే తక్కువ వచ్చింది, కాబట్టి అన్ని బ్రాంచీల్లోనూ పెట్టేద్దాం అని అందులో ఉంటుంది. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు ఒక్క పూట ఆగండి. కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గా ఉండి కూడా ఆ రిపోర్టు మిమ్మల్ని అప్పుల్లోకి నెట్టగలదు. అది ఎలా జరుగుతుందో ఒక లెక్కను మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించడానికే ఈ హెచ్చరిక. దీన్ని యజమానులు చదవాలి. వాళ్లకు రిపోర్టులు రాసిచ్చే ఉద్యోగులు, బీకాం, ఎంబీఏల్లో బిజినెస్ స్టాటిస్టిక్స్ చదివే విద్యార్థులు అంతకంటే శ్రద్ధగా చదవాలి.

ఇరవై బ్రాంచీలున్న ఒక మిఠాయి వ్యాపారం అనుకోండి. అంకెలు లెక్క చూపించడం కోసం నేను కూర్చినవి. తప్పులు మాత్రం రోజూ జరిగేవే. క్యాష్ కౌంటరు పక్కనే అద్దాల ర్యాక్ పెట్టి, అందులో అరిసెలు, సున్నుండలు పావుకిలో ప్యాకెట్లుగా ఉంచితే అమ్మకం పెరుగుతుందని యజమాని ఆలోచన. పది బ్రాంచీల్లో జనవరి 1న ర్యాక్ పెట్టారు. అంతకు ముందు నాలుగు వారాలు, ఆ తరువాత నాలుగు వారాలు లెక్కలోకి తీసుకున్నారు. ఒక్కో బ్రాంచీలో రోజు సగటు అమ్మకం, వేల రూపాయల్లో, ఇదీ:

| బ్రాంచీ | ముందు | తరువాత | తేడా |
|---|---|---|---|
| 1 | 42 | 45 | +3 |
| 2 | 58 | 57 | −1 |
| 3 | 36 | 40 | +4 |
| 4 | 71 | 73 | +2 |
| 5 | 49 | 54 | +5 |
| 6 | 64 | 64 | 0 |
| 7 | 39 | 42 | +3 |
| 8 | 55 | 53 | −2 |
| 9 | 47 | 51 | +4 |
| 10 | 61 | 63 | +2 |

లెక్క మొదలుపెట్టే ముందే రెండు వాక్యాలు కాగితం మీద రాసుకోవాలి. మొదటిది శూన్య పరికల్పన: ర్యాక్ పెట్టినా పెట్టకపోయినా సగటు తేడా సున్నాయే, ఇక్కడ కనిపిస్తున్న పెరుగుదల యాదృచ్ఛికం. రెండోది ప్రత్యామ్నాయ పరికల్పన: సగటు తేడా సున్నా కాదు, అమ్మకం పెరిగి ఉండవచ్చు, తగ్గి కూడా ఉండవచ్చు. వీటితో పాటు సార్థకత స్థాయిని కూడా అప్పుడే నిర్ణయించాలి. మామూలుగా 5 శాతం, అంటే 0.05 తీసుకుంటారు. నిజంగా ఏ తేడా లేకపోయినా ఉందని పొరపాటుపడే అవకాశాన్ని నూటికి ఐదు వరకు భరిస్తాం అని దానర్థం.

ఇప్పుడు లెక్క. తేడాలన్నీ కూడితే 20. పది బ్రాంచీలకు పంచితే సగటు తేడా 2, అంటే రోజుకు రెండు వేల రూపాయలు. ఈ సగటు చుట్టూ తేడాలు ఎంతగా చెదిరి ఉన్నాయో తరువాత చూడాలి. ఒక్కో తేడాలోంచి 2 తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేసి, అన్నీ కూడితే 48. దాన్ని పదితో కాకుండా తొమ్మిదితో భాగించాలి, ఎందుకంటే సగటును కూడా ఈ పది అంకెల నుంచే రాబట్టాం కనుక స్వేచ్ఛగా మారగలిగినవి తొమ్మిదే మిగులుతాయి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనేది ఈ తొమ్మిదినే. 48ని 9తో భాగిస్తే 5.33, దాని వర్గమూలం 2.31. ఇది తేడాల స్టాండర్డ్ డీవియేషన్. దీన్ని పది వర్గమూలమైన 3.16తో భాగిస్తే 0.73 వస్తుంది. దీన్ని స్టాండర్డ్ ఎర్రర్ అంటారు. ఇలాంటి పది బ్రాంచీలను మళ్లీ మళ్లీ తీసుకుంటూ పోతే సగటు తేడా సుమారుగా ఎంత అటూ ఇటూ ఊగుతుందో ఇది చెబుతుంది.

```
t = సగటు తేడా / స్టాండర్డ్ ఎర్రర్
t = 2 / 0.73 = 2.74
```

ఈ 2.74ను టి-పట్టికలో 9 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, రెండు వైపులా కలిపి 5 శాతం దగ్గరున్న 2.262తో పోల్చాలి. మనది దాన్ని దాటింది. పి-విలువ సుమారు 0.023. ర్యాక్ ముందూ తరువాతా నిజంగా తేడా లేని పక్షంలో, ఇంత పెద్ద టి-విలువ రావడం నూటికి రెండు మూడుసార్లకు మించి జరగదని అర్థం. అందుచేత శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం. పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగుతుంది. రిపోర్టు రాసినవాళ్లూ ఇక్కడే ఆగారు. ప్రమాదాలు మొదలయ్యేదీ ఇక్కడే.

మొదటి ప్రమాదం ఎక్సెల్‌లో ఒకే ఒక్క అంకె దగ్గర ఉంది. ఈ లెక్కంతా అందులో ఒక్క వరుసలో అయిపోతుంది:

```
=T.TEST(B2:B11,C2:C11,2,1)
```

చివరి అంకె 1 అంటే జత లెక్క: ఒకే బ్రాంచీ ముందూ తరువాతా అంకెలను జతగా చూస్తుంది. అక్కడ 2 కొడితే వేర్వేరు రెండు గుంపులు, చెదురు సమానం అనుకుంటుంది. 3 కొడితే వేర్వేరు గుంపులు, చెదురు సమానం కాకపోవచ్చు అనుకుంటుంది. ఏది కొట్టినా ఎక్సెల్ అభ్యంతరం చెప్పదు, ఏదో ఒక జవాబు ఇస్తుంది. మన డేటాకే చివర 2 కొట్టి చూడండి. ముందు సగటు 52.2, తరువాత సగటు 54.2, తేడా అదే 2. కానీ స్టాండర్డ్ ఎర్రర్ 0.73 నుంచి 4.91కి ఎగబాకుతుంది. టి-విలువ 0.41కి పడిపోతుంది, పి-విలువ 0.69 దాకా వెళుతుంది. అవే అంకెలు, అదే కంప్యూటరు, ఫలితం పూర్తిగా తిరగబడింది. కారణం స్పష్టమే. నాలుగో బ్రాంచీ రోజుకు 71 వేలు అమ్ముతుంది, మూడోది 36 వేలే. పెద్ద బ్రాంచీకీ చిన్న బ్రాంచీకీ మధ్య సహజంగా ఉన్న ఈ దూరాన్నంతా జత కట్టని లెక్క చెదురు కింద జమ కట్టేస్తుంది, అందులో రెండు వేల పెరుగుదల మునిగిపోతుంది. జత కట్టినప్పుడు ప్రతి బ్రాంచీని దానితోనే పోలుస్తాం కాబట్టి ఆ దూరం లెక్కలోకే రాదు.

దాని ముందున్న 2 మీద కూడా కన్నేసి ఉంచండి. అది రెండు వైపులా చూడమని చెప్పే అంకె. దాని స్థానంలో 1 పెడితే, ఫలితం మనం ఆశించిన వైపే ఉన్నప్పుడు, పి-విలువ సరిగ్గా సగమవుతుంది. 0.08 వచ్చి నిరాశపడిన ఉద్యోగి ఈ అంకె మార్చితే చాలు, 0.04 వచ్చి రిపోర్టు పాసవుతుంది. పెరుగుదలే మాకు కావాలి, తగ్గితే లెక్కలేదు అని డేటా చూడకముందే రాసిపెట్టుకున్నవాళ్లకు తప్ప ఆ 1 వాడే హక్కు లేదు. డేటా చూశాక మార్చడం మోసం. కాబట్టి రిపోర్టులో పి-విలువ ఒక్కటే కనిపిస్తే దాన్ని వెనక్కి పంపండి, ఏ సూత్రంతో వచ్చిందో చూపించమనండి.

రెండో ప్రమాదం నమూనా సంఖ్యను ఉబ్బించడం. పది బ్రాంచీలు, ఇరవై ఎనిమిది రోజులు, మొత్తం 280 రోజువారీ అంకెలు ఉన్నాయి కదా, పదే ఎందుకు వాడాలి అని కొందరికి అనిపిస్తుంది. అలా వాడితే భాజకంలోకి 3.16 బదులు 280 వర్గమూలం, అంటే 16.7 వస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ అమాంతం కుంచించుకుపోయి, ఏ చిన్న తేడా అయినా గొప్పగా కనిపిస్తుంది. ర్యాక్ పెట్టింది 280 చోట్ల కాదు, పది చోట్ల. ఒక బ్రాంచీలో సోమవారం అమ్మకానికీ మంగళవారం అమ్మకానికీ సంబంధం ఉంటుంది: అదే వీధి, అదే మేనేజరు, అదే జనం. టి-టెస్ట్ మాత్రం ప్రతి అంకె మరొకదాని మీద ఆధారపడకుండా వచ్చిందనే నమ్ముతుంది. బిల్లులను లెక్కపెట్టి, నమూనా పన్నెండు వేలు అని రాసుకొచ్చే రిపోర్టులో ఇదే తప్పు మరింత పెద్దదవుతుంది. మార్పును ఎన్ని చోట్ల విడివిడిగా చేశారో అదే మీ నమూనా సంఖ్య.

మూడో ప్రమాదం అన్నిటికంటే పెద్దది. మన 2.74లో లెక్క తప్పేమీ లేదు. జత కట్టాం, రెండు వైపులా చూశాం, నమూనాను ఉబ్బించలేదు. అయినా అది ర్యాక్ గురించి ఏమీ చెప్పలేదు. డిసెంబరు కంటే జనవరిలో అమ్మకం ఎక్కువైందని మాత్రమే చెప్పింది. జనవరిలో ర్యాక్ ఒక్కటే వచ్చిందా? సంక్రాంతి కూడా వచ్చింది. ఆ పండక్కి అరిసెలు, సున్నుండలు ఏ మిఠాయి కొట్టులోనైనా ఎక్కువే అమ్ముడవుతాయి. టి-టెస్ట్‌కు సంక్రాంతి అంటే తెలియదు. తేడా యాదృచ్ఛికమా కాదా అని తేల్చడమే దాని పని. యాదృచ్ఛికం కాకపోతే కారణం ఎవరు అని తేల్చడం దాని చేతిలో లేదు.

ఈ చిక్కుకు విరుగుడు ర్యాక్ పెట్టని మిగతా పది బ్రాంచీల్లో ఉంది. అవే వారాల్లో అక్కడ ఏమైందో చూడాలి. అక్కడి తేడాలు వరుసగా ఇవీ, వేల రూపాయల్లో: +2, +1, +3, 0, +4, −1, +2, +1, +3, 0. కూడితే 15, సగటు 1.5. ర్యాక్ లేకుండానే అమ్మకం రోజుకు పదిహేను వందలు పెరిగింది. రెండు వేలలో పదిహేను వందలు పండగ తెచ్చిపెట్టినవే అనుకుంటే, ర్యాక్ ఖాతాలో మిగిలింది ఐదు వందలు.

ఆ ఐదు వందలకు టి-టెస్ట్ చేద్దాం. ఇక్కడ పోల్చేది వేర్వేరు బ్రాంచీలను కాబట్టి జత కట్టడానికి లేదు. మొదటి గుంపు తేడాలు ఒక వైపు, రెండో గుంపు తేడాలు మరో వైపు పెట్టి, సూత్రం చివర 3 వాడాలి. మొదటి గుంపు తేడాల వేరియన్స్ 5.33, రెండో గుంపుది 2.5.

```
స్టాండర్డ్ ఎర్రర్ = √(5.33/10 + 2.5/10) = 0.885
t = (2 − 1.5) / 0.885 = 0.56
```

ఈ పద్ధతిలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సుమారు 16 వస్తాయి, పట్టికలో దానికి హద్దు 2.12. మన 0.56 ఆ దరిదాపుల్లో కూడా లేదు. పి-విలువ 0.023 అని ఉత్సాహంగా ఉన్న రిపోర్టు, సరైన పోలిక పెట్టేసరికి నిలబడలేకపోయింది. అంతమాత్రాన ర్యాక్ పనికిరాదని తేలిందా అంటే అదీ లేదు. ర్యాక్ వల్ల వచ్చిన మార్పు, 95 శాతం విశ్వాస అవధి ప్రకారం, రోజుకు 1,400 రూపాయల నష్టం నుంచి 2,400 రూపాయల లాభం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పది పది బ్రాంచీలతో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. సార్థక తేడా కనబడలేదు అనే మాటను తేడా లేదు అని చదివి, మంచి ఆలోచనను చెత్తబుట్టలో వేయడం కూడా పెద్ద తప్పే.

ఈ హెచ్చరిక కొత్తదేమీ కాదు. టి-టెస్ట్‌ను కనిపెట్టిన విలియం సీలీ గాసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవారు. చిన్న నమూనాలతో బార్లీ, బీరు నాణ్యతను తేల్చుకోవాల్సి వచ్చి ఈ పద్ధతిని తయారుచేసి, 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించారు. వ్యాపార అవసరంలోంచే పుట్టిన పరీక్ష ఇది. అదే గాసెట్ 1931లో స్కాట్లండ్‌లో జరిగిన ఒక భారీ ప్రయోగాన్ని తూర్పారబట్టారు. లానార్క్‌షైర్‌లో 1930లో సుమారు ఇరవై వేల మంది బడి పిల్లలను తీసుకుని, సగం మందికి రోజూ పాలు పోసి, మిగతా సగం మందికి పోయకుండా, ఎదుగుదలను పోల్చారు. పాలు ఎవరికి పోయాలో నిర్ణయించడంలో టీచర్లకు కొంత స్వేచ్ఛ ఇచ్చారు. బక్కచిక్కిన పిల్లల మీద జాలితో వాళ్లకే పాలు దక్కేలా కొందరు చూశారు. దాంతో రెండు గుంపులూ మొదట్లోనే సమానంగా లేకుండా పోయాయి. ఇరవై వేల మంది ఉన్నా ఆ లోపం పూడలేదు. ఇంత మంది బదులు యాభై జతల కవల పిల్లలను తీసుకుని, ప్రతి జతలో ఒకరికే పాలు పోస్తే అంతకంటే నమ్మదగిన ఫలితం వచ్చేదని గాసెట్ వాదించారు.

మన వ్యాపారాల్లో టీచర్ల స్థానంలో యజమాని ఉంటాడు. కొత్త ర్యాక్‌ను ముందుగా చురుకైన మేనేజరున్న బ్రాంచీకో, బస్టాండు ఎదురుగా ఉన్న బ్రాంచీకో ఇస్తాడు. ఆ తరువాత ఎన్ని టెస్టులు చేసినా అది ర్యాక్ బలమో మేనేజరు బలమో విడదీయలేం. అందుకే ఏ బ్రాంచీకి ర్యాక్ పెట్టాలో చీటీలు వేసి తేల్చాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంకా గట్టిగా చేయాలంటే గాసెట్ చెప్పిన దారే మేలు: అమ్మకాల్లో దగ్గరదగ్గరగా ఉన్న బ్రాంచీలను రెండేసి చొప్పున జత చేసి, ప్రతి జతలో ఒకదానికి మాత్రం చీటీ వేసి ర్యాక్ ఇవ్వాలి. అప్పుడు జత లెక్క న్యాయంగా చేయవచ్చు, పండగ రెండింటికీ సమానంగా పడుతుంది.

చివరి ప్రమాదం డబ్బు లెక్కలో. మొదటి రిపోర్టునే నిజమని నమ్మినా, పండగ ఊసే లేదనుకున్నా, ర్యాక్ పెట్టాలని అది చెప్పడం లేదు. సగటు తేడా 2కు అటూ ఇటూ 2.262 రెట్లు 0.73 వేస్తే విశ్వాస అవధి 0.35 నుంచి 3.65 వరకు వస్తుంది. అంటే రోజు అమ్మకంలో పెరుగుదల 350 రూపాయలు కావచ్చు, 3,650 రూపాయలు కావచ్చు. మిఠాయిలో ఖర్చులు పోను నూటికి ఇరవై మిగులుతుందనుకుంటే, చేతికొచ్చేది రోజుకు 70 రూపాయల నుంచి 730 రూపాయల వరకు. ర్యాక్ వాయిదా, కరెంటు, పాడైన సరుకు కలిపి ఒక్కో బ్రాంచీకి రోజుకు 300 ఖర్చయితే? సగటు చూస్తే 400 వచ్చి వంద మిగులుతుంది. అవధి కింది కొస చూస్తే రోజుకు 230 నష్టం. ఇరవై బ్రాంచీల్లో ఏడాది పొడవునా అలా పోతే పదహారు లక్షలు దాటుతుంది. తేడా సున్నా కాదు అని పి-విలువ అంటుంది. మీరు తెలుసుకోవాల్సింది తేడా 1,500 రూపాయల అమ్మకాన్ని దాటుతుందా అని, ఎందుకంటే ఖర్చు గట్టెక్కేది అక్కడే. అసలు శూన్య పరికల్పననే సున్నా బదులు ఆ 1.5 దగ్గర పెట్టి పరీక్షించవచ్చు. అలా చేస్తే పైన అర కింద 0.73, టి-విలువ 0.68 మాత్రమే. హద్దు 2.262కు అది చాలా దూరం.

పి-విలువ ఏదో ఒక గీత దాటిందా లేదా అన్న ఒక్క దాన్నిబట్టి వ్యాపార నిర్ణయాలు తీసుకోవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లోనే బహిరంగంగా ప్రకటించింది. మన తరగతి గదుల్లో ఇప్పటికీ ఆ గీత దగ్గరే పాఠం ముగిస్తున్నారు. శూన్య పరికల్పనను తిరస్కరించాం అని రాయగానే పూర్తి మార్కులు వేస్తున్నారు. ఆ విద్యార్థే రేపు రిపోర్టు రాస్తాడు. టి-టెస్ట్ చెప్పే ప్రతి అధ్యాపకుడూ, చెప్పిన రోజే, పోలిక గుంపు లేని డేటాను కూడా ఇచ్చి ఇందులో ఏం తేలలేదో రాయమని అడగాలి.

యజమానులకు చెప్పేది ఇదీ. టి-టెస్ట్ ఉన్న రిపోర్టు మీ ముందుకు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి, నాలుగింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా డబ్బు కదపకండి. పరికల్పన, సార్థకత స్థాయి, ఒక వైపా రెండు వైపులా అన్నది డేటా రాకముందే రాసి తేదీ వేశారా? మార్పును విడివిడిగా ఎన్ని చోట్ల చేశారు, లెక్కలో వాడిన నమూనా సంఖ్య అంతేనా? అవే రోజుల్లో మార్పు చేయని చోట్ల ఏమైంది, ఏది ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ వేసి తేల్చారా? విశ్వాస అవధి కింది కొస దగ్గర కూడా ఖర్చు గట్టెక్కుతుందా? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా మూడూ ఎంత బాగున్నా ఆ రిపోర్టును పక్కన పెట్టండి. మిగిలిన బ్రాంచీలకు చీటీలు వేసి, పండగ లేని నెలలో ప్రయోగాన్ని మళ్లీ చేయించండి. ఒక నెల ఆలస్యమైతే పోయేది ఒక నెల లాభమే, అది కూడా ఉంటేనే. తొందరపడి ఇరవై చోట్ల ర్యాకులు బిగించాక వాయిదాలు మాత్రం ఆగవు.